కెపాసిటర్‌లో నిండేది ఏమీ లేదు, సాగే రబ్బరు ఉంది

ప్రశ్న: సార్, నేను రాయగడలో డిప్లొమా ఎలక్ట్రికల్ రెండో సంవత్సరం. కెపాసిటర్ ఛార్జ్‌ని నిల్వ చేస్తుందని పుస్తకంలో ఉంది. నీళ్ల ట్యాంకు లాంటిదని క్లాసులో చెప్పారు. ట్యాంకైతే నిండాక పొంగాలి కదా, మరి దీనికి వోల్టేజ్ పెంచితే ఇంకా ఛార్జ్ ఎలా పడుతోంది? మధ్యలో ఇన్సులేటర్ పెట్టుకుని కరెంటు ఎలా వెళ్తుంది? మొన్న ల్యాబ్‌లో 16 వోల్టుల కెపాసిటర్‌కి 24 వోల్టులు ఇస్తే పేలింది. అది నిండిపోయి పేలినట్టా?

సమాధానం:

తమ్ముడూ, నాది పర్లాకిమిడి. ఇరవై రెండేళ్లుగా మోటార్ల వైండింగ్, పవర్ సప్లైల రిపేరు పని చేస్తున్నాను. పనికి వచ్చే డిప్లొమా కుర్రాళ్లలో చాలామంది ఈ ట్యాంకు దగ్గరే ఆగిపోతారు. నీ సందేహం సరైనదే. మన డాబాల మీద ఉండే మామూలు ట్యాంకును ఊహించుకుంటే కెపాసిటర్ అర్థం కాదు. ఆ ట్యాంకు మొదట ఖాళీగా ఉంటుంది, తర్వాత నిండుతుంది. కెపాసిటర్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు, ఎప్పుడూ నిండదు. అందుకని ముందు ట్యాంకునే మార్చుకుందాం.

అన్ని వైపులా మూసేసిన ఒక ట్యాంకు అనుకో. దాని మధ్యలో నిలువుగా ఒక రబ్బరు షీటు, అంచులన్నీ గోడకు గట్టిగా బిగించి ఉంది. ఒక్క చుక్క కూడా ఇటునుంచి అటు దాటదు. ఎడమ గదికి ఒక పైపు, కుడి గదికి ఒక పైపు. రెండు గదుల్లోనూ, రెండు పైపుల్లోనూ అంచుల దాకా నీళ్లున్నాయి, ఎక్కడా గాలి బుడగ లేదు. ఆ రెండు పైపులకీ మధ్యలో ఒక పంపు. ఇదే మన సర్క్యూట్. పంపు బ్యాటరీ, పైపులు తీగలు, రెండు గదులు రెండు ప్లేట్లు, రబ్బరు షీటు ఇన్సులేటర్. ఈ ఇన్సులేటర్‌నే పుస్తకంలో డైఎలెక్ట్రిక్ అంటారు.

పంపు ఆన్ చేశాం. కుడి గదిలోంచి నీళ్లు లాగి ఎడమ గదిలోకి తోస్తోంది. ఎడమ గది ముందే నిండుగా ఉంది కాబట్టి కొత్తగా వచ్చే నీళ్లకు చోటు కావాలంటే రబ్బరు కుడివైపుకి ఉబ్బాలి. అలా ఉబ్బితే కుడి గదిలో సరిగ్గా అంత చోటు తగ్గుతుంది, అక్కడినుంచి అంతే నీళ్లు బయటికి పోతాయి. ఎడమలోకి లీటరు వెళ్లిందంటే కుడిలోంచి లీటరు వచ్చింది. ట్యాంకు మొత్తంలో ఉన్న నీళ్లు మొదట ఎన్నో ఇప్పుడూ అన్నే.

ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగు, ఎందుకంటే నీ ప్రశ్నలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. ఛార్జ్ అయిన కెపాసిటర్‌లో, ఛార్జ్ కాని కెపాసిటర్ కంటే ఒక్క ఎలక్ట్రాన్ కూడా ఎక్కువ లేదు. ఒక ప్లేటు మీద ఎన్ని పెరిగాయో, ఇంకో ప్లేటు మీద అన్ని తగ్గాయి. "ఛార్జ్ Q" అని పుస్తకం చెప్పేది ఒక వైపు నుంచి ఇంకో వైపుకు జరిగిన మొత్తాన్ని. కొత్తగా వచ్చి చేరింది ఏదైనా ఉంటే అది రబ్బరులో బిగువు. నిల్వ ఉన్నది ఆ బిగువే.

"మరి ముందే నిండుగా ఉంది" అన్న మాట నిజమేనా అని నీకు అనిపించవచ్చు. లెక్క చూద్దాం. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌కి 12 వోల్టులు పెడితే జరిగే ఛార్జ్ 0.012 కూలుంబులు. ఎలక్ట్రాన్ల లెక్కలో అది సుమారు 7.5 × 10^16. వినడానికి చాలా పెద్ద సంఖ్య. కానీ ఒక్క ఘన సెంటీమీటరు అల్యూమినియంలో కదలగలిగిన ఎలక్ట్రాన్లు దాదాపు 1.8 × 10^23 ఉంటాయి. అంటే ఇరవై లక్షలకు పైగా ఉన్న గుంపులోంచి ఒక్కటి పక్కకి జరిగినట్టు. లోహం ఎప్పుడూ ఎలక్ట్రాన్లతో నిండే ఉంటుంది. మనం చేసేది కొంచెం అటు నెట్టడం, కొంచెం ఇటు లాగడం, అంతే.

ఇప్పుడు పంపు దగ్గరికి వద్దాం. పంపు తోసే కొద్దీ రబ్బరు సాగుతుంది. సాగిన రబ్బరు వెనక్కి తోస్తుంది. మొదట్లో రబ్బరు చదునుగా ఉంది కాబట్టి ఎదురు లేదు, నీళ్లు జోరుగా కదిలాయి. సాగే కొద్దీ ఎదురు ఒత్తిడి పెరిగింది, ప్రవాహం సన్నబడింది. రబ్బరు వెనక్కి తోసే ఒత్తిడి, పంపు ముందుకు తోసే ఒత్తిడి సమానమైన క్షణంలో నీళ్లు ఆగిపోయాయి. ట్యాంకు నిండి ఆగలేదు, రెండు ఒత్తిళ్లూ సరిపోయి ఆగాయి. 12 వోల్టుల బ్యాటరీ పెడితే కెపాసిటర్ 12 వోల్టుల దగ్గర ఆగేది ఇందుకే. ఇంకా బలమైన పంపు పెడితే రబ్బరు ఇంకా సాగుతుంది, ఇంకా నీళ్లు జరుగుతాయి. వోల్టేజ్ పెంచితే ఛార్జ్ ఎలా పెరుగుతుందన్న నీ ప్రశ్నకు జవాబు ఇదే. రాసుకుంటే ఇలా ఉంటుంది:

```
Q = C × V
```

ఇందులో C ట్యాంకు సైజు కాదు. రబ్బరు ఎంత సులువుగా సాగుతుందో చెప్పే సంఖ్య. ఒక వోల్టు ఒత్తిడికి ఎంత ఛార్జ్ జరుగుతుందో అదే C. మెత్తగా సాగే రబ్బరుకి C ఎక్కువ, బిర్రుగా ఉండే రబ్బరుకి తక్కువ.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మా షాపులో కుర్రాళ్లకు చూపించడానికి రెండు ప్లాస్టిక్ డబ్బాల మధ్య పాత బైకు ట్యూబు ముక్క బిగించి ఈ ట్యాంకు నిజంగానే తయారు చేశాను. ఎడమలోకి పోసినన్ని నీళ్లు కుడి పైపులోంచి రావడం చక్కగా కనిపించింది. కానీ ఒత్తిడి రెట్టింపు చేస్తే నీళ్లు రెట్టింపు రాలేదు, అంతకంటే తక్కువే వచ్చాయి. నిజమైన రబ్బరు కొంత సాగాక బిగుసుకుంటుంది. కెపాసిటర్లు చాలావరకు అలా కావు, వోల్టేజ్ రెట్టింపైతే ఛార్జ్ సరిగ్గా రెట్టింపవుతుంది. ఎక్కువ కెపాసిటీని చిన్న సైజులో ఇమిడ్చే కొన్ని రకాల సెరామిక్ కెపాసిటర్లలో మాత్రం, ఈ ట్యూబు ముక్కలాగే, వోల్టేజ్ పెరిగే కొద్దీ C తగ్గుతుంది. నీకు ప్రస్తుతం ఎప్పుడూ ఒకేలా సాగే మంచి రబ్బరును ఊహించుకుంటే చాలు.

రబ్బరు ఎప్పుడు సులువుగా సాగుతుంది? షీటు వెడల్పుగా ఉంటే ఒకటి, పలచగా ఉంటే రెండోది. చిన్న కన్నానికి బిగించిన మందపాటి రబ్బరుని వేలితో నొక్కితే కదలదు. పెద్ద కిటికీ అంత వెడల్పున్న పలచని రబ్బరుని నొక్కితే బాగా లోపలికి పోతుంది. పుస్తకంలో ప్లేట్ల వైశాల్యం పైన, మధ్య దూరం కింద రాసిన సూత్రం చెప్పేది దీన్నే. మూడోది రబ్బరు రకం. కాగితం, ప్లాస్టిక్ ఫిల్ము, అల్యూమినియం ఆక్సైడ్, ఒక్కోదాని సాగుడు ఒక్కోలా ఉంటుంది. దానికే పర్మిటివిటీ అని పేరు.

ఇక్కడే నీ పేలుడు ప్రశ్న ఉంది. C పెరగాలంటే రబ్బరు పలచగా ఉండాలి. పలచటి రబ్బరు తొందరగా చిరుగుతుంది. కెపాసిటర్ మీద రాసే రెండు సంఖ్యలు ఈ రెండిటి గురించే. మైక్రోఫారడ్లు రబ్బరు ఎంత మెత్తనో చెబితే, వోల్టులు ఎంత సాగదీస్తే అది తట్టుకుంటుందో చెబుతాయి. ట్యాంకు నిండడానికీ ఆ వోల్టులకీ సంబంధం లేదు.

ల్యాబ్‌లో మీరు పెట్టింది గుండ్రని అల్యూమినియం డబ్బా ఉన్న ఎలక్ట్రోలిటిక్ అయి ఉంటుంది. దానిలో రబ్బరు పాత్ర అల్యూమినియం రేకు మీద పెంచిన ఆక్సైడ్ పొరది. ఆ పొరను ఫ్యాక్టరీలో వోల్టేజ్ పెట్టే పెంచుతారు, వోల్టుకి సుమారు 1.4 నానోమీటర్ల మందం చొప్పున. 16 వోల్టుల దానికి, 16 కంటే కొంచెం ఎక్కువ తట్టుకునేంత మందం మాత్రమే ఇస్తారు. 24 వోల్టులు పెట్టేసరికి ఆ పొర ఇన్సులేటర్‌లా నిలబడలేక కరెంటును లీక్ చేసింది. లీకైన కరెంటు వేడి పుట్టించింది. లోపలి ఎలక్ట్రోలైట్ ద్రవం ఆవిరై, కొంత విడిపోయి గ్యాస్ అయి, డబ్బాలో ఒత్తిడి పెరిగి పైభాగం చిట్లింది. డబ్బా మీద ప్లస్ గుర్తులాగా గీసిన గాట్లు ఉంటాయి చూడు. అలాంటప్పుడు డబ్బా అక్కడే తెరుచుకోవాలని ముందే పెట్టినవి అవి. కాబట్టి మీది ఛార్జ్ ఎక్కువై పేలలేదు. రబ్బరు లీకై, ఆ వేడికి పేలింది. అందుకే వోల్టేజ్ పెట్టిన వెంటనే కాకుండా కాసేపాగి పేలి ఉంటుంది.

అదే పొర ఒక వైపు నుంచి వచ్చే ఒత్తిడినే తట్టుకుంటుంది. మైనస్ గీత ఉన్న కాలుకి ప్లస్ ఇస్తే చాలా తక్కువ వోల్టేజ్‌కే లీకు మొదలై ఇదే కథ నడుస్తుంది. ఒకే కెపాసిటీ ఉన్నా 63 వోల్టుల కెపాసిటర్ 16 వోల్టుల దానికంటే లావుగా ఎందుకుంటుందో కూడా ఇప్పుడు నువ్వే చెప్పగలవు. పొర మందమైతే సాగుడు తగ్గింది, ఆ తగ్గినదాన్ని వైశాల్యంతో పూడ్చాలి, అంటే లోపల ఇంకా ఎక్కువ రేకు చుట్టాలి.

ఇక సమయం సంగతి. ఇది నీ చేత్తో చేసి చూడు, చదివితే రాదు. 1000 మైక్రోఫారడ్లు, 25 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ ఒకటి, 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి, 12 వోల్టుల సప్లై, మల్టీమీటర్, ఫోనులో స్టాప్‌వాచ్. రెసిస్టర్ ద్వారా కెపాసిటర్‌ని ఛార్జ్ చెయ్యి. రెసిస్టర్ అంటే పంపుకీ ట్యాంకుకీ మధ్య పెట్టిన సన్నని పైపు. మల్టీమీటర్ ప్రోబులు కెపాసిటర్ కాళ్ల మీద ఉంచి ప్రతి పది సెకన్లకూ రాసుకో. లెక్క ప్రకారం రావలసినవి ఇవి:

```
tau = R × C = 10000 × 0.001 = 10 s

t = 10 s    7.59 V
t = 20 s   10.38 V
t = 30 s   11.40 V
t = 40 s   11.78 V
t = 50 s   11.92 V
```

ఈ సంఖ్యలను పైపు కళ్లతో చదువు. మొదటి క్షణంలో రబ్బరు చదునుగా ఉంది, 12 వోల్టులూ సన్నపైపు మీదే పడ్డాయి, కరెంటు 1.2 మిల్లీ ఆంపియర్లు. పది సెకన్లకి రబ్బరు 7.59 వోల్టులతో వెనక్కి తోస్తోంది, తొయ్యడానికి మిగిలింది 4.41 వోల్టులే, కరెంటు 0.44 మిల్లీ ఆంపియర్లకు పడిపోయింది. కరెంటు తగ్గింది కాబట్టి రబ్బరు ఇక నెమ్మదిగా సాగుతుంది. నెమ్మదిగా సాగినా ఎదురు పెరుగుతూనే ఉంటుంది, కరెంటు ఇంకా తగ్గుతుంది. ప్రతి పది సెకన్లలోనూ అప్పటికి మిగిలిన దానిలో 63 శాతం పూర్తవుతుంది, ఎప్పుడైనా సరే మిగిలిన దానిలోనే. అందుకే గ్రాఫు గీస్తే మొదట నిలువుగా లేచి తర్వాత వాలిపోతుంది. పైన tau అని రాసిన ఈ పది సెకన్లనే టైం కాన్‌స్టెంట్ అంటారు. దానికి ఐదు రెట్ల సమయమిస్తే 99 శాతం దాటుతుంది, పనిలో దాన్నే పూర్తి ఛార్జ్ అంటాం.

నీ చేతికి వచ్చే రీడింగులు వీటికి సరిగ్గా సరిపోవు. ఎందుకు సరిపోవో తెలుసుకోవడమే ఈ ప్రయోగంలో సగం లాభం. ఎలక్ట్రోలిటిక్‌ల కెపాసిటీ రాసిన దానికి 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే నీ పది సెకన్లు ఎనిమిదీ కావచ్చు, పన్నెండూ కావచ్చు. రెండోది మీటరు. సంతలో దొరికే చవక పసుపు మల్టీమీటర్ లోపల సుమారు 1 మెగా ఓం రెసిస్టెన్స్ ఉంటుంది. అది కెపాసిటర్‌కి పక్కన తెరిచిన ఇంకో సన్నని పైపు. దానివల్ల ఎంతసేపు ఉంచినా 11.88 దగ్గరే ఆగుతుంది, 12 రాదు. అది కెపాసిటర్ తప్పు కాదు.

కానీ 10 వోల్టుల దగ్గరే ఆగిపోతే అది కెపాసిటర్ తప్పే. అప్పుడు 10 కిలో ఓముల మీద 2 వోల్టులు నిలబడి ఉన్నాయి, అంటే 0.2 మిల్లీ ఆంపియర్ల కరెంటు ఆగకుండా పోతోంది. అంతలో మీటరు తీసుకునేది 0.01 మాత్రమే. మిగతాదంతా రబ్బరులో సూదిబెజ్జం ద్వారా అటువైపు కారిపోతోంది. దీన్నే లీకేజ్ అంటాం. ఏళ్ల తరబడి షెల్ఫులో పడి ఉన్న ఎలక్ట్రోలిటిక్‌లో ఇది మామూలు. రెసిస్టర్ ద్వారా కొన్ని గంటలు వోల్టేజ్ మీద ఉంచితే ఆక్సైడ్ పొర మళ్లీ పెరిగి కొన్ని బాగుపడతాయి కూడా. బాగుపడనిదాన్ని పారెయ్యి.

శక్తి లెక్క కూడా ఇదే ట్యాంకులో చూడు. సూత్రంలో సగం ఎక్కడినుంచి వచ్చిందని కుర్రాళ్లు తప్పకుండా అడుగుతారు.

```
E = 1/2 × C × V²
```

మొదటి చెంబు నీళ్లు తోసేటప్పుడు రబ్బరు చదునుగా ఉంది, కష్టం లేదు. ఆఖరి చెంబు తోసేటప్పుడు పూర్తి 12 వోల్టుల ఎదురు ఉంది. మొదట సున్నా, చివర పన్నెండు, సగటున ఆరు వోల్టుల ఎదురుకి వ్యతిరేకంగా మొత్తం నీళ్లు తోశాం. సగం అక్కడినుంచి వచ్చింది. మన ప్రయోగంలో రబ్బరులో నిలిచింది 0.072 జౌళ్లు. బ్యాటరీ మాత్రం ఆ ఛార్జ్ అంతటినీ 12 వోల్టుల దగ్గరే తోసింది, అంటే 0.144 జౌళ్లు ఖర్చు పెట్టింది. మిగతా సగం సన్నపైపులో రాపిడికి, అంటే రెసిస్టర్‌లో వేడికి పోయింది. రెసిస్టర్ విలువ తగ్గించినా ఆ సగం తప్పదు. తొందరగా ఛార్జ్ అవుతుంది, కానీ తక్కువ సమయంలో ఎక్కువ కరెంటుతో అంతే వేడి పుడుతుంది. నేను మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నమ్మలేక మూడుసార్లు వేశాను.

ఇక నీ రెండో ప్రశ్న, మధ్యలో ఇన్సులేటర్ ఉంటే కరెంటు ఎలా వెళ్తుందని. రబ్బరును దాటి నీళ్లు వెళ్లవు. ఎడమ పైపులో నీళ్లు కదిలినప్పుడల్లా కుడి పైపులో కూడా కదిలాయి, అంతే. పైపులకు అమ్మీటర్ పెట్టినవాడికి నీళ్లు దాటి వెళ్లినట్టే కనిపిస్తుంది. డీసీలో రబ్బరు ఒకసారి సాగి ఆగుతుంది, కరెంటూ ఆగుతుంది. ఏసీ అంటే పంపు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ తోస్తోంది. రబ్బరు అటు ఉబ్బి, ఇటు ఉబ్బి ఊగుతూనే ఉంటుంది, రెండు పైపుల్లోనూ నీళ్లు ఆగకుండా అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. ఒక్క చుక్కా దాటలేదు, అయినా పని జరిగింది.

ఆ ఊగుతున్న రబ్బరును ఇంకొంచెం దగ్గరగా చూడు. బాగా ఉబ్బి వెనక్కి తిరిగే క్షణంలో ఒత్తిడి గరిష్ఠం, కానీ నీళ్లు ఒక్క క్షణం నిలబడ్డాయి, ప్రవాహం సున్నా. చదునుగా ఉన్న మధ్య స్థానం దాటేటప్పుడు ఒత్తిడి సున్నా, ప్రవాహం గరిష్ఠం. ముందు ప్రవాహం వస్తుంది, దాని ఫలితంగా ఒత్తిడి పెరుగుతుంది. కెపాసిటర్‌లో కరెంటు వోల్టేజ్ కంటే 90 డిగ్రీలు ముందుంటుందని బట్టీపట్టే మాటకు అర్థం ఇదే. సీలింగ్ ఫ్యానుకి కెపాసిటర్ పెట్టేది కూడా ఇందుకే. ఫ్యాను మోటారులో రెండు వైండింగులుంటాయి. ఒకే సింగిల్ ఫేజ్ కరెంటు రెండిటికీ ఒకే సమయంలో అందితే తిరిగే క్షేత్రం పుట్టదు. ఒకదానికి కెపాసిటర్ ద్వారా ఇస్తే దాని కరెంటు ముందుకు జరిగి, రెండు తోపులు ఒకదాని తర్వాత ఒకటి పడి రోటరు తిరుగుతుంది.

ఫ్యాను మాట వచ్చింది కాబట్టి మా షాపులో ఎండాకాలంలో రోజూ కనిపించే కేసు ఒకటి. ఫ్యాను తిరుగుతుంది కానీ గాలి రాదు, ఊళ్లో వోల్టేజ్ తక్కువనుకుని ఇంటివాళ్లు చాలా రోజులు ఓపిక పడతారు. మీటరు పెడితే లైన్‌లో 220 బాగానే ఉంటుంది. కెపాసిటర్ విప్పి కొలిస్తే, మీద 2.5 మైక్రోఫారడ్లు అని ఉంటుంది, వచ్చేది 1.7. ఉబ్బలేదు, కాలలేదు, పేలలేదు. మరి మూడో వంతు ఎక్కడికి పోయింది?

ఆ కెపాసిటర్‌లో ఎలక్ట్రోలైట్ ఉండదు. కొన్ని మైక్రాన్ల పలచని ప్లాస్టిక్ ఫిల్ము, దాని మీద ఆవిరి పట్టించినంత సన్నగా లోహపు పూత, అదంతా చుట్ట చుట్టి ఉంటుంది. వర్షాకాలంలో పిడుగులు పడినప్పుడో, లైన్‌లో ఉన్నట్టుండి వోల్టేజ్ లేచినప్పుడో ఫిల్ములో బలహీనమైన చోట చిన్న కన్నం పడుతుంది. మామూలుగా అయితే అక్కడ షార్ట్ అవ్వాలి. కానీ ఆ కన్నం దగ్గర పుట్టే వేడికి చుట్టూ ఉన్న పూత ఆవిరైపోతుంది. పూత లేని చోట షార్ట్ లేదు, కెపాసిటర్ పని చేస్తూనే ఉంటుంది. దీన్ని సెల్ఫ్ హీలింగ్ అంటారు. చిరిగిన చోటు చుట్టూ రబ్బరును గోడకు అతికించేసినట్టు అనుకో. లీకు ఆగింది, కానీ సాగే వైశాల్యం అంత తగ్గింది. ఒక్కో దెబ్బకి కొంచెం కొంచెంగా తగ్గుతూ ఏళ్ల తర్వాత 2.5 కాస్తా 1.7 అవుతుంది. రెండో వైండింగ్‌కి కరెంటు తగ్గుతుంది, ఫ్యాను నెమ్మదిస్తుంది. వైశాల్యం తగ్గితే C తగ్గుతుందన్న సూత్రానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు. అయితే అసలు విలువే పెట్టాలి. ఎక్కువ పెడితే ఇంకా జోరుగా తిరుగుతుందని కొందరు 4 మైక్రోఫారడ్లు పెడతారు. ఆ వైండింగ్‌లో కరెంటు దాటిపోయి వేడెక్కి, చివరికి రీవైండింగ్‌కి మా దగ్గరికే వస్తుంది.

ఆ చిన్న ఫ్యాను కెపాసిటర్‌ని చిన్నచూపు చూడొద్దు. 230 వోల్టుల ఏసీ శిఖరం దాదాపు 325 వోల్టులు. ఆ శిఖరం దగ్గర స్విచ్ ఆపితే 2.5 మైక్రోఫారడ్లలో నిలిచేది 0.13 జౌళ్లు. నీ 1000 మైక్రోఫారడ్ల ప్రయోగంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు, ఎందుకంటే సూత్రంలో V వర్గం ఉంది. అదే 100 మైక్రోఫారడ్ల పంపు మోటారు స్టార్టింగ్ కెపాసిటర్ అయితే 5 జౌళ్లు దాటుతుంది. అది ప్రమాదం. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మా కుర్రాళ్లలోనూ ఉండేది. సాగిన రబ్బరును ఒక్కసారిగా వదిలేయడం అది. స్క్రూడ్రైవర్ కొన ఎగిరిపోతుంది, కెపాసిటర్ లోపలి జాయింట్లు దెబ్బతింటాయి, కళ్లలో నిప్పురవ్వ పడొచ్చు. మేము హోల్డర్‌లో మామూలు ఫిలమెంట్ బల్బు పెట్టిన టెస్ట్ ల్యాంపు రెండు తీగలనూ కాళ్లకు ఆనించి డిశ్చార్జ్ చేస్తాం. బల్బు సన్నని పైపులాగా పనిచేస్తుంది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, వోల్టేజ్ కొంత తగ్గగానే దాని లోపలి సర్క్యూట్ కరెంటు తీసుకోవడం మానేస్తుంది, మిగిలింది కెపాసిటర్‌లోనే ఉండిపోతుంది.

ఇంకొక్క విషయం, ఇది నీ ప్రయోగంలోనే కనిపిస్తుంది. ఆ 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ని పావుగంట ఛార్జ్‌లో ఉంచి, 100 ఓముల రెసిస్టర్‌తో ఐదు సెకన్లు డిశ్చార్జ్ చేసి, మీటరు సున్నా చూపించాక రెసిస్టర్ తీసెయ్యి. కాళ్లకు ఏమీ తగిలించకుండా కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ కొలువు. సున్నా ఉండదు, కొంచెం వోల్టేజ్ తిరిగి వచ్చి ఉంటుంది. చాలాసేపు సాగదీసి ఉంచిన రబ్బరు వదలగానే పూర్తిగా చదును కాదు, మిగిలిన వంపును నెమ్మదిగా తీసుకుంటుంది. డైఎలెక్ట్రిక్‌లోనూ కొంత భాగం ఆలస్యంగా సర్దుకుంటుంది. దీనికి డైఎలెక్ట్రిక్ అబ్సార్‌ప్షన్ అని పేరు. 12 వోల్టుల దగ్గర ఇది చూడటానికి బాగుంటుంది. కొన్ని వందల వోల్టుల పెద్ద కెపాసిటర్‌లో తిరిగి వచ్చే ఆ కొంచెమే షాక్ కొట్టడానికి చాలు. అందుకే అలాంటివాటిని డిశ్చార్జ్ చేశాక రెండు కాళ్లకూ ఒక తీగ ముక్క చుట్టి ఉంచుతాం, పని మళ్లీ మొదలుపెట్టే ముందు దాన్ని తీసి మీటరు పెట్టి చూస్తాం.